లైఫ్‌టైమ్ ఫ్రీ అని ఇచ్చిన కార్డుకు వార్షిక రుసుము వేస్తే...

షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర చిన్న బల్ల వేసుకుని కూర్చున్న కుర్రాడు "లైఫ్‌టైమ్ ఫ్రీ మేడమ్, ఎప్పటికీ రూపాయి కట్టక్కర్లేదు" అంటాడు. సంతకం పెడతాం, కార్డు వస్తుంది. మొదటి ఏడాది ఏమీ పడదు. పదమూడో నెల బిల్లులో వార్షిక రుసుము రూ. 1,000, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ. 180, మొత్తం రూ. 1,180 కనిపిస్తాయి. ఇలాంటి బిల్లు మీకు వచ్చిందనుకోండి.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "ఈసారికి మాఫీ చేస్తాం, వచ్చే నెల్రోజుల్లో ఇంత ఖర్చు పెట్టండి" అని అనొచ్చు. అక్కడ తలూపితే రుసుము న్యాయమైనదేనని మనమే ఒప్పుకున్నట్టవుతుంది, మళ్లీ ఏడాదికి అదే తంతు. మనం అడగాల్సింది దయ కాదు, తప్పు బిల్లు సరిచేయమని. అందుకే ఫోనుతో సరిపెట్టకుండా ఈమెయిల్‌లో గానీ ఉత్తరంలో గానీ రాసి పంపాలి.

రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డు నిబంధనలు మన పక్షాన ఉన్నాయి. కార్డు ఇచ్చేటప్పుడు స్పష్టంగా చెప్పకుండా, మన అంగీకారం తీసుకోకుండా ఏ రుసుమూ వేయకూడదు. రుసుములు మార్చాలంటే కనీసం నెల ముందు తెలపాలి, అది కూడా ముందు కాలానికే వర్తించాలి. బిల్లు మీద అభ్యంతరం చెప్తే 30 రోజుల్లోగా వివరణ ఇవ్వాలి, అవసరమైన చోట ఆధారాలు చూపాలి.

రాసే ముందు ఆధారాలు వెతకండి. కార్డు మంజూరైనప్పటి ఎస్సెమ్మెస్, వాట్సాప్ సందేశం, స్వాగత లేఖ, దరఖాస్తు కాపీ, వాటితో వచ్చిన ముఖ్య నిబంధనల కాగితం చూడండి. ఆ కాగితంలో "మొదటి ఏడాది ఉచితం" అనో, "ఏడాదికి ఇంత ఖర్చు చేస్తే రుసుము ఉండదు" అనో ఉంటే మీ వాదన బలహీనపడుతుంది. ఏజెంటు నోటి మాట ఒక్కటే ఉన్నా వదిలేయకండి. ఫోన్లో అమ్మితే ఆ సంభాషణ రికార్డు చూడమని తేదీతో సహా అడగొచ్చు.

ఉత్తరం పొడుగు అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"నా కార్డు చివరి నాలుగంకెలు ____. 2023 ఆగస్టు 12న మీ ప్రతినిధి ద్వారా దీన్ని లైఫ్‌టైమ్ ఫ్రీ కార్డుగా తీసుకున్నాను. ఆ సందేశం జతచేశాను. 2024 సెప్టెంబరు బిల్లులో వార్షిక రుసుము రూ. 1,000, జీఎస్టీ రూ. 180 వేశారు. దీనికి నేను ఎప్పుడూ అంగీకరించలేదు. రూ. 1,180 పూర్తిగా, దాని మీద వడ్డీగానీ ఆలస్య రుసుముగానీ పడితే అదీ తిరిగి జమ చేయండి. ఇకపై ఏ ఏడాదీ ఈ రుసుము పడకుండా రికార్డు సరిచేసి రాతపూర్వకంగా తెలపండి. కుదరదంటే, ఈ రుసుముకు నేను అంగీకరించినట్టు చూపే పత్రం కాపీ పంపండి."

జీఎస్టీని విడిగా రాయడం మరవకండి. రుసుము వెనక్కిచ్చి పన్ను వదిలేస్తే ఆ రూ. 180 బాకీగా నిలిచిపోతుంది. చివరి వాక్యం కూడా కీలకమే. మీరు అంగీకరించారని చూపాల్సిన బాధ్యత బ్యాంకు మీద పడేది దానితోనే.

మరి ఈలోపు గడువు తేదీ వస్తే? కోపంతో బిల్లు మొత్తం ఆపేయకండి. బాకీ పెట్టినట్టు క్రెడిట్ చరిత్రకెక్కితే పోయేది రూ. 1,180 కంటే ఎక్కువ. నా సలహా ఏమిటంటే, గడువులోపు బిల్లంతా కట్టి, "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, నిర్ణయం వచ్చాక తిరిగి జమ చేయండి" అని ఉత్తరంలో రాయండి. కార్డు రద్దు చేయించుకోవాలన్నా సొమ్ము వెనక్కి పడ్డాకే అడగండి.

ఫిర్యాదు నంబరు, పంపిన తేదీ భద్రపరచండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఆలస్యం చేయకుండా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయండి. బ్యాంకుకు రాసిన ఉత్తరం, వాళ్ల జవాబు, ఆ బిల్లు జతచేయాలి. దీనికి లాయరు అక్కర్లేదు, రుసుమూ లేదు.