మీరు లేని గదిలో మీ ప్రమోషన్

ప్రమోషన్ మేనేజర్ చేతిలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. పెద్ద ఐటీ కంపెనీల్లో సాధారణంగా ఆయన చేసేది సిఫార్సే. అప్రైజల్ ఏడాది చివర మేనేజర్లంతా కూర్చుని రేటింగులూ ప్రమోషన్లూ తేల్చుకుంటారు. బడ్జెట్ కొంచెమే, పేర్లేమో బోలెడు. మీ పని ఎన్నడూ చూడని పక్క టీమ్ మేనేజర్ “ఆ అమ్మాయి ఏం చేసింది?” అని అడిగితే, మీ మేనేజర్ చెప్పగలిగే నాలుగు మాటలే మీ కేసు. మీరు రాసిచ్చే పేజీ ఆ నాలుగు మాటలకు పనికిరావాలి.

హైదరాబాద్‌లో ఒక బ్యాంకు ప్రాజెక్టుకు టెస్టింగ్ చేసే ఇంజనీరు టీమ్ లీడ్ హోదా అడుగుతోందనుకుందాం. “టెస్టింగ్ ఆటోమేట్ చేశాను, జూనియర్లకు సాయపడ్డాను, రాత్రి రిలీజులకు ఉన్నాను” అని రాసింది. అన్నీ నిజమే. కానీ ఇదే ముక్క టీమ్‌లో ఇంకో నలుగురూ రాయొచ్చు. దాన్నే ఇలా మార్చింది: “ప్రతి రిలీజు ముందు పాత ఫీచర్లను మళ్లీ పరీక్షించడానికి నలుగురికి 3 రోజులు పట్టేది. జూన్ నుంచి ఇద్దరు ఒక్క రోజులో ముగిస్తున్నారు. స్క్రిప్టుల్లో సగం నేను రాశాను, మిగతావి నా దగ్గర నేర్చుకుని ఇద్దరు జూనియర్లు రాశారు.” అంతా నేనే చేశానంటే కాదనేవాళ్లు ఆ గదిలోనే దొరుకుతారు. పైగా ఇద్దరికి నేర్పి పని చేయించడమంటే లీడ్ పనే కదా!

ఇంతవరకూ విజయాలు. ఉన్న పని బాగా చేస్తే మంచి రేటింగ్ వస్తుంది, అంతే. పై మెట్టుకు అసలు బలం అదనపు బాధ్యతలది. లీడ్ ప్రసూతి సెలవులో వెళ్లాక ఆగస్టు నుంచి పని పంచేది, క్లయింట్‌తో రోజూ మాట్లాడేది, రిలీజు ఇవ్వొచ్చో లేదో తేల్చేది ఈమే. ప్రతి బాధ్యత పక్కనా ఎప్పటి నుంచి, అంతకుముందు ఎవరు చేసేవారు, చివరి మాట ఎవరిది అన్నవి రాయాలి. “క్లయింట్ కాల్స్‌లో పాల్గొన్నాను” అంటే కూర్చుని విన్నట్టూ ఉండొచ్చు. “రెండు రిలీజులు ఆపించాను, కారణాలివీ” అంటే నిర్ణయం తనదని తెలుస్తుంది.

కంపెనీలో లీడ్ హోదాకు రాసిపెట్టిన బాధ్యతలుంటే, ఈ పేజీని వాటి పక్కన పెట్టి చూసుకోవాలి. ఆమెకు ఒకటే లోటు కనిపించింది: కొత్తవాళ్లను ఎంపిక చేసే ఇంటర్వ్యూలు ఎప్పుడూ చేయలేదు. ఏడాది మార్చిలో ముగిసే చోట ఈ సంగతి అక్టోబరులోనే కనిపెడితే, ఇంటర్వ్యూ ప్యానెల్‌లో వేయమని అడగడానికి టైముంటుంది. రేటింగులు ఖరారయ్యాక ఎంత చక్కగా రాసిచ్చినా అది వచ్చే ఏడాది ఫైల్లోకే.

ఎన్నేళ్లుగా ఉన్నానన్నది, పక్కవాడి జీతం, ఇంటి ఖర్చులు ఈ పేజీలో వద్దు. వాటిని పట్టుకుని ఏ మేనేజరూ ఆ గదిలో వాదించలేడు.

అన్నీ ఉన్నా కాదనొచ్చు. అప్పుడు అడగాల్సింది ఒకటే: లోటు నా పనిలోనా, ఖాళీ లేకనా? పనిలో అంటే ఏ బాధ్యత తక్కువైందో రాతలో తీసుకోవాలి. ఖాళీయే లేదంటే ఇక్కడ పేజీని ఎంత దిద్దినా లాభం లేదు. లీడ్ కావలసిన మరో ప్రాజెక్టు కంపెనీలోనే ఉందేమో వెతుక్కుని, అదే పేజీ అక్కడ చూపించడం మేలు.