టైట్రేషన్‌లో తప్పు ఎటు లాగుతుంది?

పొటాషియం పర్మాంగనేట్, ఆక్సాలిక్ ఆమ్లం టైట్రేషన్ ఇంటర్మీడియట్ ల్యాబుల్లో ఏటా జరిగే ప్రయోగం. గాఢత తెలిసిన ఆక్సాలిక్ ఆమ్లాన్ని పిపెట్‌తో కోనికల్ ఫ్లాస్కులోకి తీసి, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తారు. తర్వాత బ్యూరెట్ నుంచి పర్మాంగనేట్‌ను చుక్కచుక్కగా వదులుతారు. లేత గులాబీ రంగు పోకుండా అర నిమిషం నిలిస్తే అదే అంతిమ బిందువు. 0.05 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం 20 మిల్లీలీటర్లు తీసుకుంటే, 0.02 మోలార్ పర్మాంగనేట్ సరిగ్గా 20 మిల్లీలీటర్లు ఖర్చవుతుంది.

ఈ ప్రయోగం మీద వైవాలో ఎక్కువగా వినిపించే ప్రశ్న, 'సూచిక ఎందుకు వాడలేదు?' 'పర్మాంగనేటే స్వయం సూచిక' అన్న జవాబు రికార్డు బుక్కులోనే ఉంటుంది, చదివినవారంతా చెప్పేస్తారు. విద్యార్థికి ప్రయోగం అర్థమైందో లేదో తేల్చే ప్రశ్న వేరే రకంగా ఉండాలి. ఒక అడుగు తప్పితే తుది ఫలితం పెరుగుతుందా, తగ్గుతుందా, అసలు మారదా అని అడగాలి. దీనికి బట్టీ పట్టిన జవాబు పనికిరాదు. తప్పు ఏ పాత్రలో మొదలై ఏ అంకె దాకా వెళుతుందో విద్యార్థి తానే ఆలోచించుకోవాలి.

కడగడం గురించి అడిగితే ఈ తేడా బాగా బయటపడుతుంది. కోనికల్ ఫ్లాస్కు అడుగున కొన్ని చుక్కల డిస్టిల్డ్ వాటర్ మిగిలి ఉంటే ఫలితం ఏమవుతుంది? చాలామంది 'ద్రావణం పలచబడుతుంది కాబట్టి తప్పు వస్తుంది' అంటారు. నిజానికి ఏమీ కాదు. పిపెట్ నుంచి పడిన ఆక్సాలిక్ ఆమ్లం పరిమాణం అంతే ఉంది, నీరు చేరినంత మాత్రాన దాని మోల్‌లు తగ్గవు. అదే నీరు బ్యూరెట్‌లో మిగిలితే సంగతి వేరు. 50 మిల్లీలీటర్ల బ్యూరెట్‌లో ఒక మిల్లీలీటరు నీరు ఉండిపోయిందనుకుంటే పర్మాంగనేట్ రెండు శాతం పలచబడుతుంది. రీడింగ్ 20.0 బదులు 20.4 వస్తుంది, లెక్కగట్టిన మోలారిటీ 0.0196కి పడిపోతుంది. పిపెట్ తడిగా ఉంటే ఆక్సాలిక్ ఆమ్లమే తక్కువ పడుతుంది, పర్మాంగనేట్ తక్కువ ఖర్చవుతుంది, మోలారిటీ ఎక్కువగా తేలుతుంది. ఇక ఫ్లాస్కును శుభ్రంగా ఉంచాలని ఆక్సాలిక్ ఆమ్లంతోనే కడిగిన విద్యార్థి, గోడలకు అంటుకున్న ఆమ్లాన్ని కూడా లెక్కలోకి లాగుతాడు. అప్పుడు రీడింగ్ పెరిగి, మోలారిటీ తగ్గుతుంది. బ్యూరెట్‌ను, పిపెట్‌ను వాటిలో పోసే ద్రావణంతోనే కడగాలని, ఫ్లాస్కును మాత్రం నీటితోనే కడగాలని చెప్పే నియమం వెనక ఉన్న కారణం ఇదే.

తర్వాత అడగదగిన ప్రశ్న కొలతల గురించి. ఆక్సాలిక్ ఆమ్లాన్ని పిపెట్‌తో అంత జాగ్రత్తగా కొలిచినవారు సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కొలజాడీతో ఎందుకు పోస్తారు? ఈ టైట్రేషన్‌కు నిజంగా కావలసిన సల్ఫ్యూరిక్ ఆమ్లం 0.6 మిల్లీమోల్ మాత్రమే. ఒక మోలార్ ఆమ్లం 20 మిల్లీలీటర్లు పోస్తే ముప్పై రెట్లకు పైగా ఉంటుంది. 18 పోసినా 22 పోసినా ఫలితం కదలదు. ఏది కచ్చితంగా ఉండాలో, ఏది సరిపడా ఉంటే చాలో వేరుచేసి చెప్పగలిగిన విద్యార్థికి ప్రయోగం చేతికి వచ్చినట్టే.

అయితే ఆమ్లం బొత్తిగా తగ్గితే మాత్రం చర్యే దారి మళ్లుతుంది. పర్మాంగనేట్ అయాన్ అయిదు ఎలక్ట్రాన్లు తీసుకుని రంగులేని మాంగనస్ అయాన్‌గా మారాల్సింది, మూడే తీసుకుని గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్ దగ్గర ఆగిపోతుంది. పూర్తిగా అలా జరిగితే 20 మిల్లీలీటర్లు కావలసిన చోట 33.3 మిల్లీలీటర్లు పడతాయి. ఫ్లాస్కులో గోధుమరంగు మసక కనిపిస్తే ఆ రీడింగ్ పారేయాల్సిందే. పర్మాంగనేట్‌ను గబగబా వదిలినా, ద్రావణం చల్లారినా ఇదే మసక రావచ్చు. కాబట్టి 'గోధుమరంగు వచ్చింది, కారణాలేమిటి, వాటిలో ఏదో ఎలా తేలుస్తావు?' అన్నది ఒకే కారణంతో తప్పించుకోలేని ప్రశ్న.

సల్ఫ్యూరిక్ బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే? పర్మాంగనేట్ క్లోరైడ్‌ను కూడా ఆక్సీకరిస్తుంది, అదనంగా ఖర్చవుతుంది, మోలారిటీ తగ్గి కనబడుతుంది. నత్రికామ్లం తానే ఆక్సీకరణి, కొంత ఆక్సాలిక్ ఆమ్లాన్ని ముందే కాజేస్తే దిశ తిరగబడుతుంది. 'వాడకూడదు' అన్న మాట రెండింటికీ ఒకటే. జవాబు ఎటు జరుగుతుందో అడిగినప్పుడే అవి విడిపోతాయి.

వేడి విషయంలో తప్పు రెండు వైపులా ఉంది. చల్లగా ఉంటే చర్య మందకొడిగా మొదలవుతుంది. మొదటి చుక్క రంగు కాసేపు అలాగే నిలుస్తుంది, తొందరపడినవారు దాన్నే అంతిమ బిందువు అనుకుంటారు. చర్యలో పుట్టే మాంగనస్ అయానే చర్యను వేగవంతం చేస్తుంది కాబట్టి ఆ తర్వాతి చుక్కలు త్వరగా మాయమవుతాయి. మరీ మరిగిస్తే ఆక్సాలిక్ ఆమ్లంలో కొంత విడిపోతుంది, రీడింగ్ తగ్గుతుంది.

నియంత్రణ ప్రయోగం గురించి మన వైవాల్లో అడిగేవారు అరుదు, అడగాల్సింది మాత్రం తప్పకుండా. ఆక్సాలిక్ ఆమ్లం బదులు నీరు పోసి, మిగతావన్నీ అలాగే ఉంచి టైట్రేట్ చేస్తే ఎంత పర్మాంగనేట్ పడుతుంది? సున్నా అన్నది తప్పు జవాబు. కంటికి గులాబీ రంగు కనిపించడానికే దాదాపు ఒక చుక్క, అంటే సుమారు 0.05 మిల్లీలీటర్లు కావాలి. దీన్నే బ్లాంక్ అంటారు, అసలు రీడింగ్ నుంచి తీసేయాలి. 20 మిల్లీలీటర్ల మీద ఇది పావు శాతం, 5 మిల్లీలీటర్ల మీద ఒక శాతం. పిపెట్‌తో 5 కాకుండా 20 ఎందుకు తీస్తారన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది.

చివరిగా, రీడింగులనే చేతికిచ్చి అడిగే ప్రశ్న. ఒక విద్యార్థికి 20.6, 20.0, 20.0 వచ్చాయి, మరొకరికి మూడుసార్లూ 20.6 వచ్చింది. అసలు విలువ 20.0. మొదటివారి బ్యూరెట్ మొనలో గాలి బుడగ ఉండి, మొదటి టైట్రేషన్ మధ్యలో బయటికి పోయి ఉండవచ్చు. ఆ ఒక్క రీడింగే చెడింది, వదిలేస్తే సరిపోతుంది. రెండోవారి తప్పు ప్రతిసారీ ఒకేలా పనిచేసింది, బహుశా ఫ్లాస్కును ప్రతిసారీ ఆక్సాలిక్ ఆమ్లంతోనే కడిగారు. మూడు రీడింగులు కలిశాయన్నది వారికి ధైర్యం ఇవ్వకూడదు. అలాగే పదిసార్లు చేసినా ఆ తప్పు పోదు, ఫ్లాస్కును నీటితో కడిగితేనే పోతుంది.

ఇలాంటి ప్రశ్నలకు 'మానవ తప్పిదం' అనో 'జాగ్రత్తగా చేయాలి' అనో చెబితే మార్కులు వేయకూడదు. తప్పు ఏది, ఫలితాన్ని ఎటు జరుపుతుంది, దాన్ని ఎలా పట్టుకోవాలి అన్న మూడూ చెప్పినప్పుడే అది పూర్తి జవాబు.