రుద్దినా పోని పాచి

బాల్కనీలో పూలకుండీల పక్కన నాలుగు టైల్స్ పచ్చగా పాచి పట్టి ఉంటాయి. సబ్బు నీళ్లు పోసి గట్టిగా రుద్దితే తెల్లబడతాయి. వారం తిరక్కుండా మళ్లీ పచ్చదనం, మళ్లీ జారుడు. రుద్దినప్పుడు ఊడేది పైపొర మాత్రమే. టైల్స్ మధ్య సిమెంటు సందుల్లో నాచు బతికే ఉంటుంది. నాచుతో పాటు పెరిగే బ్యాక్టీరియా తన చుట్టూ జిగురు కట్టుకుంటుంది. మన కాలు జారేది ఆ జిగురు మీదే. బాత్రూంలో వెలుతురు తక్కువ కాబట్టి అక్కడ ఆకుపచ్చ కన్నా గులాబీ, బూడిద రంగు జిగురే ఎక్కువగా కనిపిస్తుంది. సబ్బు నురగ, ఒంటి జిడ్డే దాని తిండి.

అందుకే ముందు రుద్దాలి, తర్వాత చంపాలి. సబ్బుతో జిడ్డు వదిలించకుండా బ్లీచింగ్ పౌడర్ వేస్తే, దాని బలమంతా ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది. మూడు లీటర్ల నీళ్లలో ఒక పెద్ద చెంచాడు పౌడర్ కలిపి, సున్నం అడుక్కి దిగాక పైనున్న తేట నీళ్లు మాత్రమే తీసుకోండి. మడ్డితో సహా పోస్తే టైల్స్ మీద తెల్ల మరకలు మిగులుతాయి. ఎండ క్లోరిన్‌ను త్వరగా విరిచేస్తుంది, కాబట్టి సాయంత్రం పోసి, పావుగంట ఆరనివ్వకుండా తడిగా ఉంచాలి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. కుండీల మట్టిలోకి ఆ నీళ్లు పోనివ్వకండి. కడిగాక సందులు వెలిసిపోయినట్టు కనిపించాలి. ఇంకా పచ్చగానే ఉంటే పౌడర్ పాతదై ఉంటుంది. తెరిచిన ప్యాకెట్ కొన్నాళ్లకే బలం కోల్పోతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. బ్లీచింగ్ పౌడర్‌ను బాత్రూం యాసిడ్‌తో, నిమ్మరసంతో, వెనిగర్‌తో ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు లేచి ఊపిరి ఆడనివ్వదు. బోరునీళ్ల ఉప్పు పొర తీయాలంటే, నేల బాగా కడిగేశాక మరో రోజు ఆ పని పెట్టుకోండి. సిమెంటు సందులను యాసిడ్ తినేస్తుంది కాబట్టి మాటిమాటికీ అదీ వద్దు.

బకెట్‌ను స్టీలు పీచుతో తోమడం వల్ల అసలుకే మోసం. ప్లాస్టిక్ మీద పడ్డ గీతల్లోనే జిగురు నిలుస్తుంది. మెత్తటి పీచుతో తోమి, అదే తేట నీళ్లు నిండా పోసి అరగంట ఉంచి, బాగా కడిగి, బోర్లించి ఆరబెట్టండి. అడుగు అంచు లోపలి వైపు వేలుపెట్టి చూడండి, జిగురు తగిలితే అక్కడింకా పోలేదన్నమాట.

ఇక ఆ నాలుగు టైల్స్ సంగతి. కుండీల నుంచి కారే నీళ్లు అక్కడే నిలుస్తుంటే ఏ మందూ నిలవదు. కుండీలను స్టాండ్ మీదకి ఎత్తి, కింద పళ్లేలు పెట్టి, నీళ్లు పోసిన ప్రతిసారీ ఆ మూలను వైపర్‌తో లాగేయండి.