కాశీయాత్రకు నాలుగు వాక్యాలు

పుస్తకం వెనక అట్ట మీద ఉండేది ప్రచురణకర్త మాట. అమ్మిపెట్టడం దాని పని. గ్రంథాలయ కేటలాగులో కనిపించే చిన్న పరిచయం పని అది కాదు. బీరువా దాకా వెళ్ళకముందే ఈ పుస్తకం తనకు పనికొస్తుందో లేదో పాఠకుడు తేల్చుకోవడానికే అది. కంప్యూటర్ కేటలాగుల్లో వాడే మార్క్ 21 పద్ధతిలో ఈ పరిచయానికి 520 అనే గడి ఉంది, ఎవరికోసమో చెప్పడానికి దాని పక్కనే 521 ఉంది. తొందరలో వెనక అట్టను తెచ్చి 520లో ఎక్కించేస్తేనే చిక్కు.

ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' తీసుకుందాం. "ప్రతి తెలుగువాడూ తప్పక చదవాల్సిన అపురూప గ్రంథం" అని రాస్తే పాఠకుడికి తెలిసింది సున్నా. పేరు చూసి కాశీ క్షేత్ర మహిమలకోసం వచ్చినవాడికీ, పాత రోజుల ప్రయాణాల గురించి వెతికేవాడికీ అది ఒకే మాట చెబుతుంది. నిజానికి పుస్తకంలో ఎక్కువ భాగం దారే. అందుకని ఇలా రాయవచ్చు:

"మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగి 1830 మేలో బయల్దేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, కలకత్తా, పూరీల మీదుగా 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిన యాత్ర వృత్తాంతం. మజిలీలు, ఊళ్ళు, ఆచారాలు, పరిపాలన గురించి రాసుకున్న వివరాలు ఉన్నాయి. ఆనాటి దేశ పరిస్థితులు తెలుసుకోవాలనుకునే సాధారణ పాఠకులకు, చరిత్ర విద్యార్థులకు. నాటి వాడుక తెలుగులో ఉంది. పాత భాష చదివే ఓపిక కావాలి."

క్షేమంగా తిరిగొచ్చాడని ముందే చెప్పేస్తే ఎలా అని ఎవరైనా గునియవచ్చు. పరిధి చెప్పాలంటే ఆ రెండు తేదీలూ తప్పవు మరి. దాచాల్సింది వేరే ఉంది: దొరతనం గురించి, కులాల గురించి వీరాస్వామయ్య ఏ అభిప్రాయానికి వచ్చాడన్నది. ఆయన ఆ విషయాలు ప్రస్తావించాడని చెబితే చాలు. తీర్పును కూడా మనమే క్లుప్తీకరిస్తే, చదివేవాడు పుస్తకానికి ముందు మన అభిప్రాయం మోసుకుపోతాడు. క్రియలు చూస్తే ఇది పట్టుబడుతుంది. "వివరిస్తుంది", "నమోదు చేస్తుంది" అన్నంతవరకు పరవాలేదు. "నిరూపిస్తుంది", "బట్టబయలు చేస్తుంది" అన్నచోట రాసినవాడు రచయిత పక్షాన చేరిపోయాడన్నమాట.

ఊళ్ళ పేర్లు ఊరికే పెట్టినవి కావు. చాలా కేటలాగుల్లో మాటనుబట్టి వెతికితే 520లో ఉన్న పదాలు కూడా దొరుకుతాయి. పుస్తకం పేరులో నాగపూరు లేదు. పరిచయంలో ఉంటేనే నాగపూరు కోసం వెతికేవాడికి ఇది కనిపిస్తుంది. అలాగని ప్రతి మజిలీనీ ఎక్కిస్తే విషయసూచిక అవుతుంది. దానికి 505 అని వేరే గడి ఉంది.

ఇదంతా రాయడానికి పుస్తకం మొత్తం చదవక్కర్లేదు. పీఠిక, విషయసూచిక, మధ్యలో రెండుమూడు చోట్ల కొన్ని పేజీలు చూస్తే చాలు. కానీ చేతిలో ఉన్న ప్రతి ఏదో తప్పక చూడండి. ఈ పుస్తకం మొదట 1838లో అచ్చయింది. దిగవల్లి వేంకట శివరావు సంపాదకత్వంలో 1941లో మరో ముద్రణ వచ్చింది. సంపాదకుడు చేర్చినవి ఆ ముద్రణ పరిచయంలోనే చెప్పాలి, 1838 ప్రతికి అంటగట్టకూడదు.