పులుపు తాగాను... పళ్లు జివ్వుమన్నాయి!

సన్నబడాలన్న పిచ్చి తారలకే ఉంటుందనుకోకండి. తారల గురించి రాసేవాళ్లకీ ఉంటుంది! ఓ షూటింగులో మేకప్ గదిలో కబుర్లాడుతుంటే, ఓ వర్ధమాన నటి రహస్యం చెప్పింది: "యాపిల్ సైడర్ వెనిగర్ సార్! పొద్దున్నే రెండు చెంచాలు... నడుం నాజూకైపోతుంది."

ఇంకేం! ఆ సాయంత్రమే సీసా కొన్నాను. పరగడుపున నీళ్లు కలపకుండా గుటుక్కున మింగడం, వెంటనే పళ్లు తోముకోవడం. ఆరువారాలు ఇదే వరస. గొంతు మండితే 'మందు పనిచేస్తోంది' అనుకున్నాను.

ఓ రోజు ఇంటర్వెల్లో ఐస్‌క్రీమ్ కొరికానో లేదో, ముందు పళ్లు జివ్వుమన్నాయి. ఆ తర్వాత సినిమాలో ఏం జరిగిందో నన్నడక్కండి!

పళ్ల డాక్టరుగారు చూసి నవ్వలేదు. "మామూలుగా వెనిగర్లో ఎసిటిక్ యాసిడ్ నూటికి అయిదు పాళ్లుంటుంది. పులుపుని కొలిచే పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటెక్కుతుంది. అది 5.5 దగ్గరకి దిగితేనే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. వెనిగర్‌ది మూడుకి అటూ ఇటూ! అలా మెత్తబడ్డ పంటిని మీరు బ్రష్షుతో అరగదీశారు. పోయిన ఎనామెల్ మళ్లీ పుట్టదు" అన్నారు.

"మరి బరువు?" అన్నాను ఆశగా.

2009లో వెలువడ్డ జపాన్ పరిశోధనలో, 12 వారాలపాటు రోజూ ఒకటి రెండు పెద్ద చెంచాలు నీళ్లలో కలిపి తాగినవాళ్లు తగ్గింది ఒకటి నుంచి రెండు కిలోల లోపేనట. మానేశాక అదీ తిరిగొచ్చింది! ఆరేడు కిలోలు తగ్గుతారని 2024లో హోరెత్తించిన లెబనాన్ పరిశోధనని, లెక్కలు నమ్మదగ్గవి కావని 2025లో ప్రచురణకర్తలే వెనక్కి తీసుకున్నారు.

చక్కెర సంగతి? వెనిగర్ వల్ల కడుపు నిదానంగా ఖాళీ అవుతుంది. కాబట్టి భోజనం తర్వాత చక్కెర కాస్త మెల్లగా పెరుగుతుంది. కానీ ఇన్సులిన్ వేసుకునేవారికి ఆ ఆలస్యమే చిక్కు. తిన్నది ఒంట్లోకి చేరేలోగా చక్కెర పడిపోవచ్చు. డాక్టరునడక్కుండా వాళ్లు ముట్టుకోకూడదు.

"పోనీ, గమ్మీలు నమిలితే?" అన్నాను. చాలావాటిలో ఉండేది అర గ్రాము వెనిగర్ పొడి. దానికి తోడు పంచదార, సిట్రిక్ యాసిడ్. పైగా పంటికి అతుక్కుంటాయి! బిళ్లలూ సాధువులేం కావు. అమెరికాలో ఓ స్త్రీ గొంతులో వెనిగర్ బిళ్ల అరగంట ఇరుక్కుంటే, మింగడానికి ఆర్నెల్లు అవస్థపడిందని 2005లో వైద్యపత్రిక రాసింది.

తాగే తీరతామంటారా? ఒక చెంచాకి పెద్ద గ్లాసుడు నీళ్లు కలిపి, భోజనంతోపాటు, స్ట్రాతో తాగండి. నీళ్లతో పుక్కిలించి, గంటసేపు బ్రష్షు జోలికెళ్లకండి. చల్లటిది తగిలి పన్ను జివ్వుమన్నా, పళ్ల అంచులు పలచబడి గాజులా కనిపించినా ఆపేసి, డాక్టరు దగ్గరకి వెళ్లండి.

అన్నట్టు, నేను తగ్గింది ముప్పావు కిలో! మిగిలిన సీసా వంటింట్లో ఉల్లిపాయ ముక్కల పాలైంది.