పటం మీది పేర్లు చెవికి అందాలంటే

చూపులేని విద్యార్థి భూగోళం పాఠాన్ని ఫోనులో టాక్‌బ్యాక్‌తోనో, కంప్యూటరులో ఎన్‌వీడీఏతోనో వింటాడు. వాక్యాలన్నీ సాఫీగా చదువుకుంటూ వచ్చిన గొంతు పటం దగ్గరికి రాగానే ‘చిత్రం’ అని ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్లిపోతుంది. పటం మీద అచ్చయిన ఊళ్లూ నదులూ కంటికి అక్షరాలే. కంప్యూటరుకు మాత్రం అవి రంగు చుక్కల పోగు. ఆ పేర్లను, సూచికలోని గుర్తుల అర్థాలను మామూలు అక్షరాల్లో జాబితాగా రాసి పటం పక్కన పెడితే గొంతు వాటిని చదువుతుంది. చూపున్నవాళ్లకు కూడా వెతుకులాటలో ఆ పేర్లు దొరుకుతాయి.

పని చిన్నదిగానే కనిపిస్తుంది కానీ ఉన్న పేర్లన్నీ వరసగా దించేస్తే సరిపోదు. పటంలో పేరు రాసిన తీరే సగం సంగతి చెబుతుంది. నది పేరు నీలి రంగులో వంపు తిరిగి ఉంటుంది, జిల్లా పేరు పెద్ద అక్షరాల్లో దూరదూరంగా పరుచుకుంటుంది, ఊరి పేరు చుక్క పక్కన చిన్నగా ఉంటుంది. రంగు, సైజు, వంపు చెప్పే ఈ తేడాలన్నీ మామూలు అక్షరాల్లోకి వచ్చేసరికి పోతాయి. వాటి పనిని ఇక గుంపులే చేయాలి.

బడి అట్లాసుల్లో కనిపించే తరహా గోదావరి డెల్టా పటం ఒకటి తీసుకుందాం. 2022లో జిల్లాలు విడిపోకముందు అచ్చయినది అనుకుందాం. మొదటి పని పేర్లు సేకరించడం. అక్షరాలను గుర్తుపట్టే ఉచిత ప్రోగ్రాం టెసరాక్ట్‌కు తెలుగు వచ్చు. పటాన్ని అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో స్కాన్ చేసి ఈ ఆదేశం ఇవ్వాలి:

```
tesseract delta.png perlu -l tel+eng --psm 11
```

చివర ఉన్న 11 అంటే, వరసల కోసం చూడకుండా చెల్లాచెదురుగా ఉన్న అక్షరాలన్నీ ఏరమని. ఊళ్ల పేర్లు చాలావరకు దొరుకుతాయి. నదుల పేర్ల దగ్గరే చిక్కు. ‘వశిష్ఠ’ను పాయ వెంబడి వంచి, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ వదిలి రాస్తారు కాబట్టి ముక్కలుగా వస్తుంది, లేదా అసలే రాదు. సముద్రం మీద పరిచిన ‘బంగాళాఖాతం’దీ అదే కథ. రైలు గీత పేరు మీదుగా పోతే వత్తు గీతలో కలిసిపోతుంది. అందుకే యంత్రం ఇచ్చినదాన్ని చిత్తుప్రతిగానే చూడాలి, ప్రతి పేరునూ పటంతో కంటితో పోల్చి సరిచేయాలి.

తర్వాత గుంపులు కట్టడం. దీనికి పటం శీర్షికే దారి చూపుతుంది. ఈ పటం గోదావరి పాయల గురించినది. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలి తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ అవుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. కాబట్టి ఊళ్లను అకారాది క్రమంలో కాకుండా పాయలను బట్టి పేర్చితే, వినేవాడి మనసులో డెల్టా ఆకారం కూడా ఏర్పడుతుంది. అదే పటం శీర్షిక పరిపాలనా విభాగాలది అయితే జిల్లాల వారీగా పేర్చాలి. జాబితా ఇలా వస్తుంది:

```
పటం: గోదావరి డెల్టా (పాత జిల్లాలు)
వరస: ఎగువ నుంచి సముద్రం వైపు

నదులు, పాయలు: 4
గోదావరి
గౌతమి (రెండు చోట్ల రాసి ఉంది)
వశిష్ఠ
వైనతేయ

సముద్రం: 1
బంగాళాఖాతం

జిల్లాలు: 2
తూర్పు గోదావరి
పశ్చిమ గోదావరి

ఊళ్లు, గోదావరి-గౌతమికి తూర్పున: 5
రాజమండ్రి
ధవళేశ్వరం
రామచంద్రపురం
కాకినాడ
యానాం

ఊళ్లు, గౌతమి-వశిష్ఠల నడుమ: 5
రావులపాలెం
కొత్తపేట
అమలాపురం
రాజోలు
అంతర్వేది

ఊళ్లు, గోదావరి-వశిష్ఠకు పడమర: 2
కొవ్వూరు
నరసాపురం

సూచిక: 5
వలయంలో చుక్క: జిల్లా కేంద్రం
నల్ల చుక్క: ఊరు
అడ్డగీతలున్న నల్ల గీత: రైలు మార్గం
గీత, చుక్క మార్చి మార్చి: జిల్లా సరిహద్దు
గులాబీ రంగు: పుదుచ్చేరి భూభాగం
```

ప్రతి గుంపు పక్కనా అంకె ఉండటానికి కారణం ఉంది. వినేవాడికి జాబితా ఎంత పొడవో ముందే తెలుస్తుంది, అక్కర్లేకపోతే దాటేస్తాడు. ఒక్కో పేరుకు ఒక్కో వరస ఇచ్చాం, ఎందుకంటే చదివే ప్రోగ్రాంలలో వరస వెంట వరస కదలడం తేలిక. అలంకారానికి నక్షత్రాలూ గీతలూ పెడితే గొంతు వాటిని కూడా పేరుపెట్టి చదివే వీలుంది, అందుకే వాటి జోలికి పోకూడదు.

సూచికలో గుర్తు ముందు, అర్థం తర్వాత రాయాలి. ‘జిల్లా కేంద్రం, ఊరు, రైలు మార్గం’ అని అర్థాలు మాత్రమే రాసి ఊరుకుంటే, కొద్దిగా చూపున్న పాఠకుడు పటంలో దేన్ని వెతకాలో తెలియక ఆగిపోతాడు. రంగు ఒక్కటే చెప్పినా చాలదు, గీత ఆకారం కూడా చెప్పాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు ఉంటాయి. ఇక్కడ సూచిక వల్ల మరో మేలు జరిగింది. యానాం చుట్టూ ఆంధ్రప్రదేశే ఉన్నా అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. పటంలో ఆ సంగతి చెప్పేది గులాబీ రంగు ఒక్కటే. సూచికను వదిలేస్తే యానాం కాకినాడ పక్కన మరో ఊరుగా మిగిలిపోయేది.

ఈ పనిలో ఎక్కువమందిని పడేసే గుంట ‘సరిదిద్దడం’. కొవ్వూరు ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో ఉంది, 2022కు ముందు పశ్చిమ గోదావరిలో ఉండేది. అమలాపురం ఇప్పుడు కోనసీమ జిల్లా కేంద్రం, పాత పటంలో దానికి మామూలు చుక్కే ఉంటుంది. రాజమండ్రి 2015 నుంచి అధికారికంగా రాజమహేంద్రవరం. తెలిసినవాడి చెయ్యి ఇవన్నీ మార్చేయాలని ఉబలాటపడుతుంది. మార్చకూడదు. విద్యార్థికి కావలసింది ఈ పటంలో ఏముందో అది. పక్కనున్న స్నేహితుడు అదే పటం చూసి ‘రాజమండ్రి’ అంటే తన జాబితాలో కూడా అదే ఉండాలి. నేటి పేర్లు చెప్పదలిస్తే జాబితా అయిపోయాక ‘వివరణ’ అని విడిగా రాయాలి. అచ్చు చెదిరి పోల్చుకోలేని పేరు ఉంటే కనిపించిన అక్షరాలు రాసి పక్కన ‘అస్పష్టం’ అనాలి. ఆ ప్రాంతంలో ఫలానా ఊరు ఉంటుందిలే అని ఊహతో పూరించకూడదు.

ఏదీ జారిపోలేదని ఎలా తెలుస్తుంది? పటాన్ని అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది గళ్లుగా భాగించి, ఒక్కో గడిలో ఎన్ని పేర్లున్నాయో జాబితా చూడకుండా లెక్కపెట్టాలి. రెండు గళ్లలోకి పాకిన పేరును దాని మొదటి అక్షరం ఉన్న గడిలోనే లెక్కించాలి. మన జాబితాలో 19 పేర్లున్నాయి, గౌతమి రెండు చోట్ల ఉంది కాబట్టి గళ్ల మొత్తం 20 రావాలి. 21 వస్తే ఎక్కడో ఒక పేరు తప్పిపోయింది. అది దొరికేదాకా గడి వెంట గడి మళ్లీ చూడాలి. సూచికకూ ఇలాంటి పరీక్షే. అందులోని ప్రతి గుర్తూ పటంలో కనిపించాలి. పటంలో ఉండి సూచికలో లేని గుర్తు ఏదైనా ఉంటే దాన్ని వివరణలో చెప్పాలి.

ఇంత చేసినా జాబితా పటానికి సాటి రాదు. వైనతేయ ఎక్కడ వంపు తిరిగిందో, అమలాపురానికి సముద్రం ఎంత దూరమో అది చెప్పదు. అది చెప్పగలిగినంత చెప్పిందో లేదో తేల్చుకోవడానికి, పటం చూడని ఒకరికి జాబితా చదివి వినిపించి మూడు ప్రశ్నలు అడగండి. రాజోలు ఏ పాయల నడుమ ఉంది? యానాం ఎవరి భూభాగం? పటంలో రైలు మార్గాన్ని ఎలా పోల్చుకుంటాం? తడుముకోకుండా జవాబులు వస్తే జాబితా పనికొచ్చినట్టే. తడబడితే పేర్ల జోలికి పోకుండా ముందు గుంపులను మార్చి చూడండి.