గోళం లోపలి గోడ ఎంత వేడెక్కుతుంది?

ఒక పదార్థం తన గుండా వేడిని ఎంత తేలిగ్గా పోనిస్తుందో కొలవడం పైకి సులువుగానే కనిపిస్తుంది. దాన్ని పలకలా కోసి, ఒక పక్క వేడిచేసి, రెండో పక్క థర్మామీటర్ పెడితే చాలనిపిస్తుంది. చిక్కల్లా అంచుల దగ్గరే. పంపిన వేడిలో కొంత అవతలి ముఖానికి చేరకుండా పక్కల నుంచి జారుకుంటుంది. ఎంత జారుకుందో తెలియకపోతే కొలతకు విలువ లేదు.

1907లో మ్యూనిక్‌లో డాక్టరేట్ పూర్తిచేసిన జర్మన్ ఇంజనీరు విల్హెల్మ్ నుసెల్ట్ దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టాడు. అసలు అంచులే లేని ఆకారం తీసుకున్నాడు. లోపల విద్యుత్తుతో వేడెక్కే రాగి గోళం, దాని చుట్టూ పరీక్షించాల్సిన పదార్థం, ఆ పైన మరో గుండ్రని తొడుగు. లోపల పుట్టిన వేడి బయటపడాలంటే ఆ పదార్థాన్ని దాటాల్సిందే. కాబట్టి హీటర్ ఎన్ని వాట్లు తింటోందో చూస్తే, పదార్థం గుండా ఎంత వేడి పోతోందో తెలిసిపోతుంది. తీగల వెంట పోయేది కొంత ఉంటుంది కానీ అది స్వల్పం.

నుసెల్ట్ ఉష్ణోగ్రతలు కొలిచి పదార్థం గుణాన్ని లెక్కగట్టాడు. అదే ప్రశ్నను తిరగేసి అడగొచ్చు. పదార్థం గుణం తెలుసు, హీటర్ వాట్లు తెలుసు, గదిలో గాలి ఎంత వెచ్చగా ఉందో తెలుసు. మరి లోపలి గోడ ఉష్ణోగ్రత ఎంత? హీటర్ కాలిపోతుందా, పొర మాడిపోతుందా అన్నది తేల్చేది ఈ అంకే. అక్కడ థర్మామీటర్ దూర్చడానికి చాలాసార్లు సందు కూడా ఉండదు.

ఒక లెక్క చేసి చూద్దాం. 5 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న బోలు గోళం, దాని చుట్టూ మరో 5 సెంటీమీటర్ల మందాన గాజు ఉన్ని. అంటే బయటి వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు. లోపల 10 వాట్ల హీటర్, ఇంట్లో ఎల్ఈడీ బల్బు వాడుకునేంత కరెంటు. గదిలో 30 డిగ్రీలు. గాజు ఉన్ని ఉష్ణ వాహకత, మీటరుకు డిగ్రీకి 0.04 వాట్లు.

లెక్క బయటి నుంచి మొదలుపెట్టాలి. హీటర్ వెలిగించి చాలాసేపు వదిలేస్తే ఉష్ణోగ్రతలు పెరగడం ఆగి నిలకడకు వస్తాయి. అప్పుడు లోపల పుట్టే ప్రతి వాటూ బయటి ముఖం నుంచి గాలిలోకి వెళ్లిపోతూ ఉండాలి. కదలని గదిలో మసకగా ఉన్న ఉపరితలం, తన ఉష్ణోగ్రత గాలి కన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువైతే, చదరపు మీటరుకు ఒక్కో డిగ్రీకీ దాదాపు 10 వాట్లు వదులుతుంది. ఇందులో గాలి తీసుకుపోయేదీ, కిరణాలుగా పోయేదీ రెండూ కలిసి ఉన్నాయి. మన గోళం బయటి వైశాల్యం 0.126 చదరపు మీటర్లు. 10 వాట్లు వదలాలంటే అది గాలి కన్నా 8 డిగ్రీలు వేడిగా ఉండాలి. అంటే బయట 38 డిగ్రీలు.

ఈ 38లో గాజు ఉన్ని ప్రమేయం ఏమీ లేదు. దాని బదులు ఇనుమున్నా, బెండున్నా బయటి ముఖం అదే 38. దాన్ని నిర్ణయించేవి వాట్లు, బయటి వైశాల్యం, గాలి మాత్రమే. అందుకే చేత్తో తాకి గోరువెచ్చగా ఉందని, లోపల కూడా అంతేలే అనుకోవడం ప్రమాదం.

ఇప్పుడు లోపలికి పోదాం. గోళపు పొరలో ఉష్ణోగ్రత తేడాకు సూత్రం ఉంది. మొత్తం కలిపి రాస్తే ఇలా ఉంటుంది:

T1 = Ta + Q/(4π r2² h) + (Q/4πk)(1/r1 − 1/r2)

రెండో పదం ఇందాకటి 8 డిగ్రీలు. మూడో పదంలో మన అంకెలు వేస్తే 199 వస్తుంది. మొత్తం 237 డిగ్రీలు. పైన చేయి పెట్టుకోగలిగే బంతి లోపల, వంటనూనె వేడి దాటిన గోడ ఉందన్నమాట.

ఇక్కడ చాలామంది తడబడేది వైశాల్యం దగ్గర. లోపలి ముఖం 314 చదరపు సెంటీమీటర్లు, బయటిది 1257. పొరను మామూలు గోడగా లెక్కిద్దామని ఈ రెంటికీ సగటు తీస్తే తేడా 159 డిగ్రీలే వస్తుంది, అంటే 40 డిగ్రీలు తక్కువ. సరైన జవాబు రావాలంటే రెండు వైశాల్యాలనూ గుణించి వర్గమూలం తీయాలి. గోళానికి అది ఉజ్జాయింపు కాదు, అచ్చంగా సూత్రమే. కారణం ఉల్లిపాయలో కనిపిస్తుంది. లోపలి పొరలు చిన్నవి, బయటికి వచ్చేకొద్దీ పెద్దవి. అవే 10 వాట్లు లోపలి ఇరుకు పొరల గుండా తోసుకుపోవాలంటే అక్కడ ఉష్ణోగ్రత నిటారుగా పడాలి. 5 సెంటీమీటర్ల మందంలో మొదటి 1.7 సెంటీమీటర్లలోపే సగం తేడా అయిపోతుంది.

ఫ్యాన్ పెడితే? గాలి జోరు పెరిగి, బయటి ముఖం ఐదింతలు చురుగ్గా వేడి వదిలిందనుకుందాం. 8 డిగ్రీల తేడా 1.6కి పడిపోతుంది. లోపల 237 కాస్తా 231 దగ్గర ఆగుతుంది. శ్రమ దండగే. అదే పొర స్టెయిన్‌లెస్ స్టీలుదైతే కథ మారుతుంది. అప్పుడు పొరలో పడేది అర డిగ్రీ మాత్రమే కాబట్టి లోపల 38.5 ఉన్నది ఫ్యాన్‌తో 32కు దిగుతుంది. పొర అడ్డుకుంటోందా, గాలి అడ్డుకుంటోందా అన్నది ముందు తేల్చుకుంటే ఫ్యాన్ కొనాలా వద్దా అన్నది తెలుస్తుంది. బయట మెరిసే అల్యూమినియం రేకు చుడితే మాత్రం జరిగేది తిరకాసు. కిరణాలుగా పోయే వేడి తగ్గిపోయి బయటి ముఖమూ, దానితో పాటు లోపలిదీ ఇంకాస్త వేడెక్కుతాయి.

237 కూడా ఆఖరి మాట కాదు. గాజు ఉన్ని వేడెక్కేకొద్దీ వేడిని ఎక్కువగా పోనిస్తుంది. 30 డిగ్రీల దగ్గర 0.04 ఉన్న వాహకత, 137 దగ్గర 0.055 అవుతుందనీ, మధ్యలో సమంగా పెరుగుతుందనీ అనుకుందాం. లోపల 237, బయట 38 అయితే సగటు దాదాపు 137. కొత్త వాహకతతో మళ్లీ లెక్క వేస్తే లోపల 183 వస్తుంది. అప్పుడు సగటు తగ్గింది, వాహకతా కొంచెం తగ్గింది. ఇంకోసారి వేస్తే 193, ఆ తర్వాత 191 దగ్గర కుదురుకుంటుంది. వాహకత సమంగా పెరిగేటప్పుడు రెండు ముఖాల ఉష్ణోగ్రతల సగటు దగ్గరి విలువ వాడితే జవాబు కచ్చితమే. గది వేడి దగ్గర కొలిచిన అంకెను అలాగే వాడేస్తే 46 డిగ్రీల పొరపాటు.

ఈ లెక్క నమ్మేముందు బయటి ముఖం 38 దగ్గరే ఉందో లేదో థర్మోకపుల్ అంటించి చూడాలి. 34 దగ్గరే ఉండిపోతే రెండు అనుమానాలు. గాలి అనుకున్న దానికన్నా జోరుగా తగులుతూ ఉండాలి, లేదా గోళం ఇంకా నిలకడకు రాలేదు. రెండోదే ఎక్కువసార్లు జరుగుతుంది, ఎందుకంటే ఇలాంటి పొర నిలకడకు రావడానికి గంటలు పడుతుంది. పావుగంట తేడాతో రెండుసార్లు చదివితే విషయం బయటపడుతుంది. అంకె ఇంకా పాకుతుంటే ఆగాలి.

ఇక గాజు ఉన్ని మందం పెంచుకుంటూ పోతే లోపలి వేడికి హద్దు ఉండదా? బల్లపరుపు గోడకు నిజంగానే ఉండదు. గోళానికి ఉంటుంది. వాహకత 0.04 దగ్గరే నిలిచిందనుకుంటే, బయటి వ్యాసార్ధం 20 సెంటీమీటర్లకు పెంచినప్పుడు లోపల 330 డిగ్రీలు వస్తుంది. గది నిండా, ఊరి నిండా ఉన్ని కూరినా 428 దాటదు. బయటి పొరలు అంత విశాలమైపోయాక వాటిని దాటడానికి వేడికి పెద్ద తేడా అక్కర్లేదు.